పచ్చిగుడ్డు పట్టు, పొయ్యి విడుపు

నాందేడ్ తాలీముల్లో, వాటి పక్కనే పుట్టుకొచ్చిన జిమ్ముల్లో పొద్దున్నే కసరత్తు చేసే కుర్రాళ్లకు పచ్చిగుడ్ల మీద నమ్మకం ఇంకా పోలేదు. గ్లాసుడు పాలలో మూడు నాలుగు గుడ్లు కొట్టి, గిలక్కొట్టి, గుక్క తిప్పుకోకుండా తాగేస్తారు. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ వైపు తెలుగు ఇళ్లలోనూ ఇదే మాట వినిపిస్తుంది: ఉడకబెడితే గుడ్డులో సత్తువ పోతుందని. నిజం దీనికి తలకిందులు. 1998లో బెల్జియంలో కొలిచి చూస్తే, వండిన గుడ్డులోని ప్రొటీన్ తొంభై శాతం దాకా ఒంటికి పట్టింది, పచ్చిగుడ్డులోది సగమే పట్టింది. పైగా పచ్చి తెల్లసొన ఇంకొక పని కూడా చేస్తుంది. మనం తిన్న ఒక విటమిన్‌ను మనకు దక్కకుండా పట్టుకుపోతుంది.

ఆ విటమిన్ పేరు బయోటిన్. పట్టుకునేది అవిడిన్ అనే ప్రొటీన్. ఈ సంగతి మొదట ఎలుకల్లో బయటపడింది. 1927లో లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో మార్గరెట్ బోస్ అనే పరిశోధకురాలు ఎలుకలకు ప్రొటీన్ కోసం ఎండబెట్టిన తెల్లసొన పెట్టింది. కొన్ని వారాలకు వాటి చర్మం పొక్కిపోయింది, బొచ్చు రాలింది, కళ్ల చుట్టూ బోడి వలయాలు ఏర్పడ్డాయి. వేడితో గడ్డకట్టించిన తెల్లసొన తిన్న ఎలుకలకు ఏమీ కాలేదు. ఈస్టు, కాలేయం లాంటివి కలిపి పెడితే జబ్బు తగ్గేది. అంటే వాటిలో ఏదో రక్షించే పదార్థం ఉందన్నమాట. అదే బయోటిన్ అని తేలడానికి మరో పదమూడేళ్లు పట్టింది. ఈలోగా 1936లో కోగ్ల్, టోనిస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బయోటిన్‌ను మొదటిసారి స్ఫటికాలుగా వేరుచేశారు. దాన్ని తీసింది దేనిలోనుంచో తెలుసా? బాతుగుడ్ల పచ్చసొనలోనుంచి. ఒకే పెంకులో పచ్చసొన ఆ విటమిన్‌ను దాస్తుంటే, చుట్టూ ఉన్న తెల్లసొన దాన్ని బంధించే సరంజామాతో కూర్చుంది.

తెల్లసొనలోని దోషి ఎవరో 1940, 41లలో టెక్సస్ విశ్వవిద్యాలయంలో స్నెల్, ఈకిన్, విలియమ్స్ పట్టుకున్నారు. పచ్చి తెల్లసొన తిన్న కోడిపిల్లల మేతలో బయోటిన్‌కు కొరత లేదు. అయినా వాటికి లోపం వచ్చింది. విటమిన్ అక్కడే ఉంది, అందడమే లేదు. దాన్ని కట్టిపడేస్తున్న ప్రొటీన్‌ను వేరుచేసి అవిడిన్ అని పేరు పెట్టారు.

ఆ పట్టు ఎంత గట్టిదో కాస్త దగ్గరగా చూడాలి. అవిడిన్ నాలుగు ఒకేరకం ముక్కలు కలిసిన ప్రొటీన్. ఒక్కో ముక్క పీపా ఆకారంలో చుట్టుకుని ఉంటుంది. పీపా ఒక కొసన లోతైన గుంట, సరిగ్గా బయోటిన్ కొలతకు. బయోటిన్ లోపలికి దిగగానే దాని ఒక కొస చుట్టూ హైడ్రోజన్ బంధాలు పడతాయి, పక్కల నుంచి ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలు ఒత్తుకుంటాయి, పైన ఒక వంపు మూతలా వాలుతుంది. ఆ ట్రిప్టోఫాన్‌లలో ఒకటి పక్క ముక్కనుంచి చేయి చాచినట్టు వస్తుంది. ఇలా అన్ని వైపులా బిగించిన బయోటిన్ తనంతట తాను ఊడిరావాలంటే నెలలు పడుతుంది. ప్రకృతిలో ఒక ప్రొటీన్‌కూ చిన్న అణువుకూ మధ్య తెలిసిన అతి గట్టి పట్టుల్లో ఇదొకటి. మన పేగుల్లోని జీర్ణరసాలు కూడా అవిడిన్‌ను అంత తేలిగ్గా కొరకలేవు. కాబట్టి పట్టుబడిన బయోటిన్ అవిడిన్‌తోబాటే మలంలో వెళ్లిపోతుంది.

కోడికి దీంతో ఏం పని? తెల్లసొనలోకి చొరబడిన సూక్ష్మజీవులకు బయోటిన్ దొరకకుండా చేసి వాటిని మాడ్చడానికే అని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. పిండానికి కావలసింది పచ్చసొనలో భద్రంగా ఉంది. అక్కడ దాన్ని మోసే ప్రొటీన్ వేరు. దాన్ని 1984లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో మూర్తి, అడిగ వేరుచేసి అవిడిన్‌తో పోల్చి చూశారు.

ఇక లెక్క వేద్దాం. ఒక గుడ్డు తెల్లసొనలో సుమారు ఒకటిన్నర, రెండు మిల్లీగ్రాముల అవిడిన్ ఉంటుంది. అది దాదాపు 25 మైక్రోగ్రాముల బయోటిన్‌ను పట్టగలదు. ఆ గుడ్డు మొత్తంలో ఉన్న బయోటిన్ 10 మైక్రోగ్రాముల దగ్గర. అంటే పచ్చిగుడ్డు తన బయోటిన్‌ను తానే మింగి, ఇంకా పదిహేను మైక్రోగ్రాములకు ఖాళీ మిగుల్చుకుంటుంది. గ్లాసులో నాలుగు గుడ్లుంటే ఆ ఖాళీ 60. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాములని అమెరికా ప్రమాణం. ఆ రోజంతా తిన్నదానిలోని బయోటిన్‌ను మింగేయగల సామర్థ్యం ఆ గ్లాసుకుంది.

అలాగని ఎప్పుడో ఒక పచ్చిగుడ్డు తాగినవాడు బెంబేలెత్తనక్కర్లేదు. ఒంట్లో బయోటిన్ తిరిగి తిరిగి వాడుకలోకి వస్తుంది, అవిడిన్ కూడా ఆ పూట పేగులో ఎదురైన దాన్నే పడుతుంది. జబ్బు రావాలంటే ఎంత తినాలో 1942లో అమెరికాలోని జార్జియాలో సిడెన్‌స్ట్రికర్ అనే వైద్యుడు నలుగురు స్వచ్ఛంద సేవకులతో చూశాడు. వాళ్ల ఆహారంలో 30 శాతం కేలరీలు ఎండు తెల్లసొన నుంచే. రోజుకు 2000 కేలరీలనుకుంటే, అది ముప్పై అయిదు గుడ్ల తెల్లసొనకు సమానం! మూడు నాలుగు వారాలకు చర్మం పొలుసులు లేచింది. తరవాత నీరసం, కండరాల నొప్పులు, ఆకలి మందగించడం. రోజూ 150 నుంచి 300 మైక్రోగ్రాముల బయోటిన్ ఇస్తే కొద్దిరోజుల్లో తేరుకున్నారు. ఇంత విపరీతానికి పోకపోయినా, రోజూ ఆరేడు పచ్చిగుడ్లు నెలల తరబడి తాగినవాళ్లలో ఈ లోపం కనిపించిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. కళ్లు, ముక్కు, నోటి చుట్టూ ఎర్రటి పొక్కులు, జుట్టు పలచబడటం దాని గుర్తులు. కండలు పెంచుకోవాలనుకునే కుర్రాడు పచ్చసొన పారేసి పచ్చి తెల్లసొనే తాగితే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. పట్టేది మిగిలి, ఇచ్చేది పోతుంది.

వేడి ఈ కథను ముగిస్తుంది. 70 డిగ్రీల దాకా అవిడిన్ చెక్కుచెదరదు. ఆపైన, ముఖ్యంగా 85 దగ్గర, నూలు ఉండ విప్పినట్టు దాని మడతలన్నీ విడిపోతాయి. గుంటే లేకపోతే పట్టే లేదు. అయితే ఒక మెలిక ఉంది, దీన్ని చాలామంది గమనించరు. తెల్లసొన గడ్డకట్టడం 60 డిగ్రీలు దాటగానే మొదలవుతుంది. అంటే కంటికి తెల్లబడి గడ్డకట్టిన గుడ్డులోనూ అవిడిన్ ఇంకా బతికి ఉండవచ్చు. 1991లో కెనడాలో కొలిస్తే, రెండు నిమిషాలు ఉడికించిన గుడ్డులో 40 శాతం, వేయించినదాంట్లో 33 శాతం, పెంకు తీసి నీళ్లలో వేసి వండినదాంట్లో 71 శాతం పట్టు మిగిలింది. లోపల చల్లగా మిగిలిన చోట్లే కారణమని పరిశోధకులు అనుకున్నారు. పట్టు పూర్తిగా పోవడానికి నాలుగు నిమిషాలకు మించి మరిగించాల్సి వచ్చింది.

మరో విచిత్రం: గుంటలో ఇప్పటికే బయోటిన్ ఉంటే అవిడిన్ మరింత మొండిదవుతుంది, 130 డిగ్రీలు దాటితేగాని విప్పుకోదు. కానీ తెల్లసొనలోని అవిడిన్‌లో ఎక్కువభాగం ఖాళీగానే ఉంటుంది గనక వంటింట్లో ఆ అడ్డు పెద్దగా రాదు.

నాందేడ్‌లో నీళ్లు దాదాపు 99 డిగ్రీల దగ్గర మరుగుతాయి. 85కి ఆ వేడి ధారాళంగా సరిపోతుంది. కావలసింది సమయం. నీళ్లు తెర్లుతుండగా ఎనిమిది పది నిమిషాలుంచిన గుడ్డులో అవిడిన్ గొడవ ఉండదు, సాల్మొనెల్లా భయమూ తగ్గుతుంది. పచ్చిగుడ్డు వద్దనడానికి మామూలు మనిషికి బయోటిన్ కన్నా ఆ సూక్ష్మజీవే పెద్ద కారణం. సాయంత్రం బళ్ల దగ్గర దొరికే బుర్జీలో ముద్దలు బాగా విడిపోయి పొడిగా ఉడికితే చాలు. ఆమ్లెట్‌ను రెండో వైపు కూడా తిప్పి కాల్చమనండి. అవిడిన్ సంగతి వరకైతే పచ్చసొన మెత్తగా ఉన్నా పరవాలేదు, తెల్లసొనలో మాత్రం ఎక్కడా జారుడు, పారదర్శకం మిగలకుండా చూసుకోండి.