నీడ పోయి మెరుపు వచ్చె

వాలరాంట్‌లో శత్రువు గోడచాటు నుంచి పరుగు తీస్తాడు. మౌస్ గిర్రున తిప్పితే అతని వెనకాలే మసక నీడ ఒకటి సాగుతుంది. గేమర్లు దీన్ని ఘోస్టింగ్ అంటారు. దీన్ని వదిలించుకుందామని మానిటర్ మెనూలో ఓవర్‌డ్రైవ్‌ను చివరి మెట్టుదాకా పెంచేస్తారు చాలామంది. నీడ పోతుంది. దాని చోట తెల్లగానో గులాబీ ఛాయలోనో మెరిసే అంచు ఒకటి వచ్చి కూర్చుంటుంది. అదే ఇన్వర్స్ ఘోస్టింగ్. నిజం చెప్పాలంటే నీడకంటే ఇదే ఎక్కువ ఎబ్బెట్టు.

ఎల్‌సీడీ తెరలో పిక్సెల్ వెలుతురు మారాలంటే లోపలి ద్రవస్ఫటికాలు మరో కోణానికి తిరగాలి. అవి బద్ధకంగా తిరుగుతాయి. ఓవర్‌డ్రైవ్ చేసేదల్లా వాటికి కాసేపు అవసరానికి మించిన ఓల్టేజీ ఇవ్వడం. బరువైన బీరువాను కదిలించడానికి మొదట గట్టిగా తోసి, కదిలాక చేయి సడలించినట్టే. సమయానికి సడలించకపోతే బీరువా గోడకు గుద్దుకుంటుంది.

వెలుతురును 0 నుంచి 255 దాకా కొలుస్తారు. ఒక పిక్సెల్ 50 నుంచి 200కి చేరాలనుకుందాం. మానిటర్ ఒక ఫ్రేము పాటు 230కి సరిపడే ఓల్టేజీ ఇచ్చి, తర్వాత 200కి తగ్గిస్తుంది. 144 హెర్ట్జ్ దగ్గర ఒక ఫ్రేము నిడివి సుమారు 6.9 మిల్లీసెకన్లు. ఆలోపు పిక్సెల్ సరిగ్గా 200 దగ్గరికి వచ్చి ఆగుతుంది. అదే తోపు 60 హెర్ట్జ్‌లో ఇస్తే 16.7 మిల్లీసెకన్లు కొనసాగుతుంది. పిక్సెల్ 200 దాటిపోయి, మళ్లీ వెనక్కి రావాల్సి వస్తుంది. ఆ దాటిపోయిన క్షణమే కంటికి మెరుపు అంచుగా కనబడుతుంది. అంటే సెట్టింగు ముట్టుకోకపోయినా, ఆటలో ఫ్రేములు పడిపోగానే మెరుపులు మొదలుకావచ్చు. ఫ్రీసింక్ వాడేవాళ్లను ఎక్కువగా తికమకపెట్టేది ఇదే. ఎన్విడియా జీ-సింక్ మాడ్యూల్ ఉన్న మానిటర్లు ఫ్రేము వేగాన్ని బట్టి తోపును మారుస్తాయి; మిగతావాటిలో చాలా వరకు ఆ పని చేయవు.

ఎల్‌జీ 27జీఎల్850 సంగతి చూద్దాం. 2019లో వచ్చిన 144 హెర్ట్జ్ ఐపీఎస్ మానిటర్ ఇది. ప్రకటనలో 1 మిల్లీసెకను అని ఉంటుంది, కానీ ఆ అంకె Faster మెట్టులో వచ్చేది. మెనూలో Game Adjust, అందులో Response Time తెరిస్తే Off, Normal, Fast, Faster అని నాలుగు కనబడతాయి. పరీక్షించినవాళ్లు Faster దగ్గర మెరుపులు బాగా కనబడుతున్నాయనీ, Fast నయమనీ చెప్పారు. వేరే కంపెనీల్లో పేర్లు మారతాయి: ఏసుస్‌లో Trace Free, బెన్‌క్యూలో AMA.

పరీక్షకు ముందు విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 144 హెర్ట్జ్ ఎంచుకుని ఉందో లేదో చూసుకోవాలి. 60 దగ్గరే ఉండిపోయిన మానిటర్లు కోకొల్లలు. చల్లటి ప్యానెల్ మరింత నెమ్మది కాబట్టి అరగంట ఆన్‌లో ఉంచాలి. తర్వాత బ్రౌజర్‌లో testufo.com/ghosting తెరిస్తే ఎగిరే పళ్లెం బొమ్మలు పక్కకు సాగుతుంటాయి. బొమ్మతోపాటు చూపు కదలాలి. చూపు ఒకచోట నిలిపితే, లేదా కదలని ఫోనుతో ఫొటో తీస్తే, వచ్చేది తప్పుడు తీర్పే.

Off దగ్గర మొదలుపెట్టి ఒక్కో మెట్టు ఎక్కుతూ పళ్లెం వెనక చూడాలి. అక్కడ కనబడే మరక బొమ్మ రంగుకూ వెనక రంగుకూ మధ్యస్థంగా ఉంటే ఘోస్టింగ్ ఇంకా మిగిలినట్టు. వెనక రంగుకంటే వెలుగ్గానో, మరీ నల్లగానో, వింత ఛాయలోనో ఉంటే తోపు ఎక్కువైనట్టు. మెరుపు తొలిసారి కనబడిన చోటు నుంచి ఒక మెట్టు దిగితే సరి.

పని అక్కడితో అయిపోదు. మానిటర్‌ను 60 హెర్ట్జ్‌కు మార్చి అదే పరీక్ష మళ్లీ చేయాలి. గ్రాఫిక్స్ కార్డు ఆటలో 70 ఫ్రేములే ఇస్తుంటే, 144 దగ్గర ముచ్చటగా ఉన్న Fast కంటే Normal నప్పవచ్చు. ఎప్పుడూ 140 పైనే ఆడేవాళ్లకు ఆ గొడవ లేదు.

వీఏ ప్యానెళ్లతో పేచీ వేరు. చీకటి గుహలో కాగడా వెలుగులో నడిచే సన్నివేశంలో నలుపు మీద ముదురు బూడిద రంగు జారినట్టు కనబడుతుంది. నలుపు నుంచి ముదురు ఛాయలకు మారడమే ఆ ప్యానెళ్లలో మరీ నెమ్మది. దాన్ని సరిచేద్దామని ఓవర్‌డ్రైవ్ పెంచుకుంటూ పోతే, చీకటి మరక పోకముందే వెలుతురు రంగుల దగ్గర మెరుపులు లేస్తాయి. అక్కడ కాస్త మరకను భరించడమే మేలు.

సరైన మెట్టు దొరికాక కూడా బొమ్మ కొంచెం మసగ్గానే తోచవచ్చు. ప్రతి ఫ్రేమూ తర్వాతిది వచ్చేదాకా తెర మీద నిలిచే ఉంటుంది, కన్ను మాత్రం ఆగకుండా ముందుకు సాగుతుంది. 144 హెర్ట్జ్ దగ్గర సెకనుకు 960 పిక్సెళ్ల వేగంతో కదిలే బొమ్మకు దాదాపు 7 పిక్సెళ్ల మసక ఇలాగే వస్తుంది. ఓవర్‌డ్రైవ్ అసలు అవసరం లేని ఓఎల్ఈడీ తెర మీదా అంతే. దాన్ని తగ్గించేది హెర్ట్జ్ పెంచడమో, ఫ్రేముల మధ్య బ్యాక్‌లైట్‌ను ఆర్పి వెలిగించడమో గాని, ఓవర్‌డ్రైవ్ కాదు.