తెర మీద "సంగీతం" అని మాత్రమే పడినప్పుడు ఆ పాట పేరు పట్టుకోవడం ఎలా?

ఓటీటీలో ఇంగ్లీష్ సీరియల్ చూసేటప్పుడు మనలో చాలామంది కింద అక్షరాలు పెట్టుకుంటాం. యాస అందకపోవడం ఒక కారణం, పక్కగదిలో పిల్లలు లేస్తారని సౌండ్ తగ్గించడం ఇంకో కారణం. మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా పడుతుంటాయి. ఈలోగా హీరో బార్‌లోకి అడుగుపెడతాడు, వెనక మంచి పాట ఒకటి మొదలవుతుంది. కింద మాత్రం "మ్యూజిక్ ప్లేయింగ్" అని పడి ఊరుకుంటుంది. ఇంకాస్త ఓపికున్నవాళ్లు రాస్తే "ఉత్కంఠ సంగీతం" అనో "విషాద సంగీతం" అనో ఉంటుంది.

ఇవి వినపడనివారి కోసం రాసే క్యాప్షన్లు. రాసేవారికి మాటలే ముఖ్యం. వెనక మోగేది ఏ పాటో చెప్పే కాగితం వారి చేతికి రాకపోవచ్చు. పాటలోని సాహిత్యం తెర మీద వేయాలంటే హక్కులు కావాలి, అవి లేనప్పుడు సాహిత్యం వదిలేస్తారు. పాట పేరు, పాడినవారి పేరు వీలైనంతవరకు రాయాలని అమెరికాలోని క్యాప్షన్ మార్గదర్శకాలు చెబుతాయి. ఆచరణలో అది చాలాచోట్ల జరగదు.

అయినా ఆ ఒక్క లైనులో పనికొచ్చే సమాచారం ఉంటుంది. ఉదాహరణకు క్యాప్షన్ ఫైల్లో ఇలాంటి ముక్క ఉందనుకుందాం:

```
212
00:21:14,300 --> 00:21:17,900
[country song playing on jukebox]
```

మొదట చూడాల్సింది "సాంగ్" అన్న మాట. రాసేవారు సాధారణంగా గొంతు వినిపిస్తేనే "సాంగ్" అంటారు, వాయిద్యాలే ఉంటే "మ్యూజిక్" అంటారు. తర్వాత జ్యూక్‌బాక్స్. అంటే ఆ పాట కథలోని మనుషులకు కూడా వినపడుతోంది. రేడియోలో, స్పీకర్లలో, కారులో అని ఉన్నా ఇదే అర్థం. ఇలాంటి పాటను చాలావరకు బయటినుంచి తెచ్చి ఉంటారు కాబట్టి దానికంటూ ఒక పేరు, పాడినవారు, హక్కుదారు ఉంటారు. అలాకాక "ఆమినస్ మ్యూజిక్", "టెన్స్ మ్యూజిక్" అని ఉంటే అది పాత్రలకు వినపడదు, మనకే వినపడుతుంది. మన సినిమావాళ్లు రీరికార్డింగ్ అనే నేపథ్య సంగీతం అదే. అది ఆ సినిమా సంగీత దర్శకుడి సొంత పని అయ్యే అవకాశం ఎక్కువ. వెతకాల్సిన దారి ఇక్కడే రెండుగా చీలుతుంది. క్యాప్షన్ వల్ల కలిగే అసలు ప్రయోజనం ఇదే. రెండో ప్రయోజనం సమయం: ఇరవై ఒకటో నిమిషం పద్నాలుగో సెకను అని తెలిస్తే ఎవరినైనా కచ్చితంగా అడగొచ్చు.

భావం చెప్పే మాటను మాత్రం నమ్ముకోకూడదు. అది సన్నివేశానికి చెందుతుంది, బాణీకి కాదు. అమెరికన్ హాస్య సీరియల్ "కర్బ్ యువర్ ఎంథూసియాజం" మొదట్లో, చివర్లో వచ్చే ట్యూబా బాణీనే తీసుకోండి. దాన్ని "సరదా సంగీతం" అని రాస్తే ఎవరూ కాదనరు. దాని అసలు పేరు "ఫ్రోలిక్". లూచియానో మికెలీని అనే ఇటాలియన్ స్వరకర్త 1974లో వచ్చిన ఇటాలియన్ సినిమా "లా బెల్లిస్సిమా ఎస్తాతే" కోసం చేశారు. సీరియల్ సృష్టికర్త ల్యారీ డేవిడ్ దాన్ని ఒక బ్యాంకు ప్రకటనలో విని ఎంచుకున్నారు. "సరదా, ట్యూబా" అని ఎంత వెతికినా ఆ పాత ఇటాలియన్ సినిమా దగ్గరికి దారి దొరకదు.

ఇప్పుడు నిజంగా తేలిన ఒక కేసు చూద్దాం. "ది ఎక్స్ ఫైల్స్" ఆరో సీజన్‌లో "డ్రీమ్‌ల్యాండ్ 2" అనే ఎపిసోడ్ 1998 డిసెంబర్‌లో ప్రసారమైంది. అందులో ఒక బార్ సన్నివేశం ఉంది, వెనక నెమ్మదైన కంట్రీ పాట వస్తుంటుంది. 2022 చివర్లో ఒక ప్రేక్షకురాలికి ఆ పాట నచ్చి వెతకడం మొదలుపెట్టారు. పాటను గుర్తుపట్టే షజామ్ యాప్ చేతులెత్తేసింది. వినిపించిన సాహిత్యం ముక్కల్ని వెతికినా ఏమీ రాలేదు. ఆమె సోషల్ మీడియాలో అడిగాక వేలమంది వెతుకులాటలో పడ్డారు, చివరికి సమాధానం దొరికింది. పాట పేరు "స్టేరింగ్ ఎట్ ది స్టార్స్", చేసినవారు డాన్ మార్ఫిసి, గ్లెన్ జోర్డన్. ఆ సీరియల్ కోసమే రాసి రికార్డు చేశారు.

యాప్ ఓడిపోవడానికి కారణం కూడా ఇదే. షజామ్ రాగాన్ని అర్థం చేసుకోదు. ధ్వనిలో ఎక్కువ బలంగా వినిపించే బిందువుల్ని ఏరి, వాటి మధ్య దూరాలతో ఒక వేలిముద్రలాంటిది తయారుచేసి, తన దగ్గరున్న రికార్డుల ముద్రలతో పోలుస్తుంది. అసలు రికార్డే విడుదల కాకపోతే పోల్చడానికి ముద్ర ఎక్కడుంటుంది? అదే ట్యూన్‌ను వేరేవారు మళ్లీ పాడినా దొరక్కపోవచ్చు.

విడుదలైన పాటే అయినా, మీద మాటలు పడుతుంటే యాప్ తడబడుతుంది. దీనికొక ఉపాయం ఉంది. 5.1 సౌండ్ ఉన్న సినిమాలో సంభాషణ ఎక్కువగా మధ్య ఛానల్లో ఉంటుంది. హోమ్ థియేటర్ ఉంటే మధ్య స్పీకరు ఆపేసి, మిగతావాటిలో వినిపించేది యాప్‌కు వినిపించండి. మాటలు చాలావరకు తగ్గిపోయి సంగీతం పైకి తేలుతుంది. జ్యూక్‌బాక్స్ పాటను కూడా మధ్యలోనే పెట్టి ఉంటే మాత్రం ఈ ఉపాయం పారదు. అప్పుడు క్యాప్షన్ సమయాలు చూసి, రెండు సంభాషణల మధ్య ఖాళీ ఎక్కడుందో పట్టుకుని ఆ కొన్ని సెకన్లే వినిపించాలి.

ఇంకో చోటు చాలామందికి తట్టదు. అదే ఎపిసోడ్‌కు వేరే భాషల క్యాప్షన్లు, డీవీడీలోని క్యాప్షన్లు వేరేవారు రాసి ఉంటారు. ఒకరు "మ్యూజిక్" అని వదిలేసిన చోట ఇంకొకరు సంగీతపు గుర్తు పెట్టి సాహిత్యమే రాసి ఉండొచ్చు. అందులోంచి నాలుగైదు మాటలు కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతికితే పని అయిపోవచ్చు.

సినిమా అయితే చివరి టైటిల్స్‌లో పాటల జాబితా ఉంటుంది, ఆపకుండా చదవాలి. అమెరికన్ టీవీ ఎపిసోడ్లలో ఈ జాబితా సాధారణంగా ఉండదు, అందుకే ఎక్స్ ఫైల్స్ కేసు అంత చిక్కుముడి అయింది. వాడిన ప్రతి సంగీత ముక్క వివరం క్యూ షీట్ అనే కాగితంలో ఉంటుంది. ముక్క పేరు, స్వరకర్త, నిడివి, గొంతు ఉందా లేదా అన్నవన్నీ అందులో రాసి, రాయల్టీ పంచే అమెరికన్ సంస్థలు ఏఎస్‌సీఏపీ, బీఎంఐలకు పంపుతారు. మనదేశంలో ఆ పని ఐపీఆర్ఎస్‌ది. క్యూ షీట్లు మామూలు ప్రేక్షకుడి చేతికి రావు. అయితే ఏఎస్‌సీఏపీ, బీఎంఐల వెబ్‌సైట్లలో పాట పేరుతోనో స్వరకర్త పేరుతోనో ఎవరైనా వెతకొచ్చు. మీరు అనుమానించిన పేరు సరైనదా కాదా అని తేల్చుకోవడానికి అది చాలు.

దొరికిందనుకున్నాక మొత్తం పాట పెట్టి ఆ సన్నివేశంతో కలిపి వినండి. పల్లవి ఒకటేలా ఉంటే సరిపోదు. అదే గొంతు, అదే వేగం, అవే వాయిద్యాలు ఉంటేనే అది ఆ రికార్డింగ్.

నేపథ్య సంగీతం దగ్గర మాత్రం వెతుకులాట తొందరగా ముగుస్తుంది. స్టూడియోలో ఒక్కో ముక్కకు "3M2" లాంటి గుర్తే ఉంటుంది, అంటే మూడో రీలులో రెండోది. ఆల్బమ్ వస్తేనే దానికి వినసొంపైన పేరు పెడతారు. ఆల్బమ్ రాకపోతే ఆ ముక్కకు మనకు తెలియాల్సిన పేరంటూ ఏదీ ఉండదు, సంగీత దర్శకుడి పేరు తెలిస్తే అదే సమాధానం.

మన సినిమాలకు క్యాప్షన్లు రాసేవారికి ఒక విన్నపం. పాట ఎవరిదో నిర్మాతను ఒక్కమాట అడిగి పేరు రాయండి. తెలియకపోతే కనీసం ఏ వాయిద్యమో, ఎక్కడ మోగుతోందో రాయండి.