మెయిల్ చూస్తామని ముందే చెప్పారా?

ఆఫీసు ఇంటర్నెట్‌ను సొంతానికి వాడారంటూ ఇచ్చే హెచ్చరిక లేఖలో తేదీ, సమయం, ఉల్లంఘించిన నిబంధన ఉండాలి. అవి కంపెనీకి ఎలా తెలిశాయన్నది ఇంకా ముఖ్యం.

రొమేనియాలో 2007లో ఒక ఇంజినీరు ఆఫీసు పనికోసం తెరిచిన యాహూ మెసెంజర్‌లో సోదరుడితో, కాబోయే భార్యతో మాట్లాడాడు. సొంత వాడకం నిషేధమని ఆయనకు తెలుసు. పని విషయాలే మాట్లాడానని రాసిచ్చాడు. అప్పుడు 45 పేజీల సంభాషణలు ముందు పెట్టి, ఉద్యోగం తీసేశారు. సందేశాల్లోని మాటలు కూడా చదువుతామని మాత్రం ముందుగా చెప్పలేదు.

2017లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 11–6 మెజారిటీతో ఆయన పక్షాన తీర్పిచ్చింది. నిషేధం చెప్పడం వేరు, నిఘా ఎంతవరకో చెప్పడం వేరు. ఎంతసేపు వాడారో లెక్క చూస్తే సరిపోయే చోట ఉత్తరాలు చదవడం అన్యాయమే.

మీకు అలాంటి లేఖ వస్తే, నిఘా గురించి ఎప్పుడు తెలియజేశారో రాతపూర్వకంగా అడగండి.