యూఏఎన్ ఒకటే, మరి పీఎఫ్ డబ్బు ఎక్కడ?

కంపెనీ మారినా యూఏఎన్ మారదు కాబట్టి పాత పీఎఫ్ దానంతటదే వెంట వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. కొందరికి నిజంగానే వస్తుంది కూడా. అయితే ఆ పన్నెండు అంకెల కింద ప్రతి కంపెనీకీ ఒక మెంబర్ ఐడీ విడిగా ఉంటుంది. పాస్‌బుక్‌లో పాత ఐడీ కింద డబ్బు అలాగే కనిపిస్తుంటే, బదిలీ మనమే అడగాలి.

అడిగేముందు మెంబర్ పోర్టల్‌లో View కింద Service History తెరవండి. పాత కంపెనీ ఎదురుగా ఉద్యోగం మానేసిన తేదీ లేకపోతే బదిలీ ముందుకు సాగదు.

ఒక ఉదాహరణ చూద్దాం. విజయవాడలో మూడేళ్లు పనిచేసిన ఒకామె జులై 18న రిలీవ్ అయి, 22న హైదరాబాద్‌లో చేరింది. పాత కంపెనీ మానేసిన తేదీ నమోదు చేయలేదు. చివరి చందా జమైన రెండు నెలల తర్వాత ఆ తేదీని ఆమే Manage కింద Mark Exit లో నమోదు చేసుకోవచ్చు. చివరి చందా ఏ నెలదో ఆ నెలలోని తేదీయే ఇవ్వాలి. నెలాఖరు కదా అని 31 వేస్తే, పది రోజులు రెండు కంపెనీల్లోనూ పనిచేసినట్టు లెక్క తేలుతుంది. అందుకే రిలీవింగ్ లెటర్‌లో ఉన్న 18నే వేయాలి. నమోదు చేసేముందే తేదీని సరిచూసుకోవడం మంచిది.

ఆ తర్వాత Online Services లో One Member - One EPF Account ఎంచుకుని, పాత మెంబర్ ఐడీని టిక్ చేసి, ఆధార్‌తో ముడిపడిన ఫోన్‌కు వచ్చే ఓటీపీ ఇస్తే సరిపోతుంది. యూఏఎన్ ఒకటే అయి, ఆధార్ వివరాలు సరిపోలితే 2025 నుంచి చాలా కేసుల్లో కంపెనీ సంతకం అక్కర్లేదు. పాత కంపెనీ పీఎఫ్‌ను సొంత ట్రస్టు నడుపుతుంటే మాత్రం, ఆ ట్రస్టు అనెక్సర్ కె అనే లెక్కల పత్రం పంపేదాకా ఆగాలి.

డబ్బు వచ్చాక కొత్త పాస్‌బుక్‌లో పెన్షన్ గడిలో సున్నా చూసి కంగారు పడేవాళ్లు ఎక్కువ. ఉద్యోగి, యజమాని పీఎఫ్ వాటాలే రూపాయల్లో వస్తాయి. పెన్షన్ విషయంలో బదిలీ అయ్యేది సర్వీసు కాలం. పెన్షన్ అర్హతకు పదేళ్ల సర్వీసు కావాలి కాబట్టి విజయవాడ మూడేళ్లూ అందులో కలుస్తాయి. పన్ను లెక్కకూ అంతే. అయిదేళ్ల నిరంతర సర్వీసు నిండకుండా పీఎఫ్ తీసుకుంటే మామూలుగా పన్ను పడుతుంది. బదిలీ చేసుకున్న ఆమెకు హైదరాబాద్‌లో మరో రెండేళ్లు పూర్తయితే ఆ అయిదేళ్లూ నిండినట్టే.