మీ కంపెనీయే ఎందుకంటే...

‘మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో అవకాశం ఇస్తే నా నైపుణ్యాలకు మెరుగులు దిద్దుకుంటాను.’ డిగ్రీ చేతికొచ్చిన పిల్లలు ఇంటర్న్‌షిప్ కోసం పంపే మెయిళ్లలో తరచూ కనిపించే వాక్యమిది. కంపెనీ పేరు మార్చి ఎవరికైనా పంపొచ్చు. ఆ సంగతి చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. వేరేచోట కాపీ చేసి అతికించిన కంపెనీ పేరు ఒక్కోసారి మిగతా అక్షరాలకంటే పెద్దగానో, మరో ఫాంటులోనో పడి గుట్టు బయటపెడుతుంది.

మరి ఆ చోట ఏం రాయాలి?

అనంతపురంలో ఈసీఈ బీటెక్ పూర్తిచేసిన ఒక అమ్మాయి ఉందనుకుందాం. ఫైనలియర్ ప్రాజెక్టుకు వేరుశనగ చేలో నేల తేమ కొలిచే సెన్సర్ పెట్టింది. కొన్ని వారాలకే రీడింగులు గాడి తప్పాయి. పీకి చూస్తే కడ్డీల మీది లోహపు పూత తినేసి ఉంది. ఆ చవక రకం సెన్సర్ తడిమట్టి గుండా కరెంటు పంపి తేమను అంచనా వేస్తుంది, ఆ కరెంటే కడ్డీలను తినేస్తుంది. లోహం నేరుగా మట్టికి తగలని కెపాసిటివ్ రకానికి ఈ బెడద ఉండదు. హైదరాబాద్‌లో డ్రిప్ కంట్రోలర్లు తయారుచేసే ఓ చిన్న కంపెనీ ఆ రకమే వాడుతున్నట్టు వెబ్‌సైట్లో రాసుకుంది.

ఆమె రాయాల్సిన కారణం అక్కడే ఉంది. ఇంగ్లిష్‌లో వెళ్లే మెయిల్ సారాంశం ఇదీ:

‘నమస్కారం మేడమ్. ఈ ఏడాది ఈసీఈ పూర్తిచేశాను. నా ప్రాజెక్టులో సెన్సర్ కడ్డీలు తుప్పుపట్టి రీడింగులు తప్పాయి. మీరు కెపాసిటివ్ సెన్సర్లు వాడుతున్నారని చదివాను. ఎర్రనేలకూ నల్లరేగడికీ వాటిని విడివిడిగా కాలిబ్రేట్ చేసే పని నేర్చుకోవాలని ఉంది. జూన్ నుంచి ఆరు నెలలు హైదరాబాద్‌లో ఉండగలను. రెజ్యూమె జతచేశాను, ప్రాజెక్టు వివరాలు మొదటి పేజీలోనే ఉన్నాయి.’

ఇందులో ఒక్క పొగడ్త లేదు. చెడిపోయిన ప్రాజెక్టును దాచకపోవడమే ఈ మెయిల్‌కు బలం. ఎందుకు చెడిందో కనిపెట్టిన మనిషికి పని అప్పజెప్పవచ్చన్న నమ్మకం కలుగుతుంది. అయితే మెయిల్‌లో చెప్పిన ప్రాజెక్టు రెజ్యూమెలో కనబడకపోతే ఆ నమ్మకం నిలవదు.

సబ్జెక్టు లైన్లో ఏ పనికి, ఎప్పటినుంచి అన్నది ఉంటే చాలు. రెజ్యూమె పీడీఎఫ్‌గా పంపాలి, ఫైలుకు సొంత పేరు పెట్టాలి. resume_final2.pdf అని పంపితే, డౌన్‌లోడ్ చేసుకున్నాక అది ఎవరిదో తెలియదు. జీమెయిల్‌లో పంపిన మెయిల్‌ను వెనక్కి తీసుకునే గడువును సెట్టింగుల్లో 30 సెకన్ల దాకా పెంచుకోవచ్చు. అటాచ్‌మెంట్ మరిచామని గుర్తొచ్చేది సాధారణంగా ఆ క్షణంలోనే.

వారం దాటినా జవాబు రాకపోతే అదే మెయిల్‌కు రిప్లైగా రెండు వాక్యాలు రాయండి. కొత్త మెయిల్ పెడితే పాతది వెతుక్కునే పని వాళ్లమీద పడుతుంది.