టిక్కుమని ఆగే ఫ్రిజ్

కంప్రెసర్ రెండు మూడు సెకన్లు మూలిగి, టిక్కుమని ఆగుతుంది. కాసేపటికి మళ్లీ అదే తంతు. ఆ చప్పుడు ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్‌ది. వేడికి దానిలోని లోహపు రేకు వంగి కరెంటు ఆపేస్తుంది. చాలాసార్లు అది నేరస్థుడు కాదు, కాపలాదారు.

ప్లగ్ తీశాక మెకానిక్ ముందు పీటీసీ రిలే ఊడదీసి చెవి దగ్గర ఊపుతాడు. గలగలమంటే లోపలి బిళ్ల పగిలినట్టే. చప్పుడు లేకపోతే మీటర్ పెట్టాలి: చల్లగా ఉన్నప్పుడు సాధారణంగా కొన్ని ఓమ్‌ల నుంచి కొన్ని పదుల ఓమ్‌ల దాకా చూపాలి. చల్లారిన ఓవర్‌లోడ్ దాదాపు సున్నా చూపాలి.

తర్వాత కంప్రెసర్ పిన్నులు. ఉదాహరణకు కామన్ నుంచి రన్‌కు 12, స్టార్ట్‌కు 18 ఓమ్‌లు వస్తే, రన్-స్టార్ట్ మధ్య 30 రావాలి. ఏ పిన్ను నుంచీ బాడీకి కరెంటు దారి ఉండకూడదు. ఇవన్నీ సరిగ్గా ఉండి, రిలే గలగలమంటే కొత్త రిలేతో పని అయిపోతుంది.

అన్నీ బాగున్నా టిక్కుమంటుంటే వోల్టేజీ చూడాలి, అదీ కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో. కరెంటు పోయి వెంటనే వచ్చినా ఇదే జరుగుతుంది: గ్యాస్ ఒత్తిడి సర్దుకోదు, రిలే చల్లారదు. అయిదు నిమిషాలు ఆగి చూడాలి. అప్పటికీ కదలకపోతే కంప్రెసర్ లోపల బిగుసుకుపోయి ఉండొచ్చు.