పురుగు మందుకు అలవాటు పడుతుందా?

మామిడి పూతకొచ్చే రోజుల్లో చింతలపూడి, నూజివీడు వైపు పురుగుమందుల కొట్ల దగ్గర నిలబడితే ఈ మాట చెవిన పడకుండా పోదు: "ఆ మందుకి పురుగు అలవాటు పడిపోయిందండీ, ఇంకోటేదైనా ఇవ్వండి." ఇక్కడ పురుగంటే తేనెమంచు పురుగు. అయిదు మిల్లీమీటర్లకు మించని ఈ పురుగులు గుంపులుగా పూతగుత్తుల్లో చేరి రసం పీలుస్తాయి. పూత మాడి రాలిపోతుంది. అవి విసర్జించే తియ్యటి జిగురు ఆకుల మీద పడి, దాని మీద నల్లటి మసి పడుతుంది. తోట దగ్గరకు వెళ్తే గుంపు లేచి చిటపటమంటూ ముఖానికి తగులుతుంది కాబట్టి పురుగు ఉందో లేదో కనుక్కోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

రైతు చూసింది నిజమే కావచ్చు. నిరుడు పనిచేసిన మందు ఈ ఏడు పనిచేయకపోవచ్చు. దానికి చెప్పే కారణమే తప్పు. ఇంటర్‌లో జీవపరిణామం పాఠం చదివినవాళ్లు కూడా పరీక్షలో ఇదే తప్పును కాస్త గ్రాంథికంగా రాస్తుంటారు: "కీటకాలు క్రమంగా మందుకు అలవాటుపడి నిరోధకత పెంచుకున్నాయి." ప్రకృతి వరణం గురించిన అపోహలు చాలావరకు ఈ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి.

అపోహ: ఒక్కో పురుగూ కొంచెం కొంచెంగా మారుతుంది

మనిషి కారానికి అలవాటు పడతాడు, ఎండకు అలవాటు పడతాడు. అది ఒక ప్రాణి తన జీవితకాలంలో పొందే మార్పు. ప్రకృతి వరణం అది కాదు. ఇందులో ఏ ప్రాణీ మారదు, మారేది జనాభాలో ఎవరెంతమంది అన్న లెక్క. ఊహించిన అంకెలతోనే అయినా, ఈ లెక్క ఒకసారి వేసి చూస్తే సందేహం తీరిపోతుంది.

ఒక తోటలో లక్ష తేనెమంచు పురుగులున్నాయి. వాటిలో పదింటికి మాత్రం పుట్టుకతోనే, తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఒక జన్యువు వల్ల, ఒక మందును తట్టుకునే శక్తి ఉంది. ఆ మందు మామూలు పురుగుల్లో నూటికి 99ని చంపుతుంది, తట్టుకునే వాటిలో నూటికి పదింటినే చంపుతుంది. మొదటిసారి కొట్టాక దాదాపు వెయ్యి మామూలు పురుగులు, తొమ్మిది నిరోధక పురుగులు మిగులుతాయి. తోట శుభ్రపడింది, రైతు సంతోషించాడు. కానీ లక్షలో పది ఉన్నవి ఇప్పుడు వెయ్యిలో తొమ్మిదయ్యాయి.

మిగిలినవి గుడ్లు పెట్టి మళ్లీ లక్షకు చేరాయనుకుందాం. పిల్లలు తల్లిదండ్రుల్లాగే ఉంటాయనుకుంటే, వాటిలో నిరోధక పురుగులు సుమారు 900. రెండోసారి అదే మందు కొడితే మామూలువి 991, నిరోధకమైనవి 800 దాకా మిగులుతాయి. ఈసారి కూడా 98 శాతానికి పైగానే చచ్చాయి. రైతుకు తేడా తెలియదు. కానీ మిగిలిన గుంపులో ఇంచుమించు సగం నిరోధకమైనవే. అవి మళ్లీ లక్షయ్యాక మూడోసారి కొడితే, నూటికి 59 మాత్రమే చస్తాయి. నలభై వేలకు పైగా పురుగులు హాయిగా పూత మీద కూర్చుని ఉంటాయి.

నిన్నటిదాకా బ్రహ్మాండంగా పనిచేసిన మందు ఉన్నట్టుండి చేతులెత్తేసినట్టు కనిపించేది ఇందుకే. నిజానికి ఉన్నట్టుండి జరిగిందేమీ లేదు. మొదటి రెండుసార్లూ లెక్క లోలోపల మారుతూనే వచ్చింది. ఈ మొత్తం కథలో ఒక్క పురుగు కూడా ఏదీ అలవాటు చేసుకోలేదు. చచ్చేవి చచ్చాయి, బతికేవి బతికి పిల్లల్ని కన్నాయి, అంతే. నిజ జీవితంలో లెక్క ఇంత నేరుగా ఉండదు. ఆ జన్యువు బహిర్గతమా అంతర్గతమా అన్నదాన్ని బట్టీ, పక్క తోటల నుంచి ఎన్ని మామూలు పురుగులు వచ్చి కలుస్తాయన్నదాన్ని బట్టీ వేగం మారుతుంది. దిశ మాత్రం ఇదే.

ఇది కాగితం మీది లెక్కే కాదనడానికి మన రాష్ట్రమే సాక్ష్యం. 1980ల మొదట్లో సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్ లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్లు మన పత్తి చేలకు వచ్చాయి. మొదట్లో శనగపచ్చ పురుగు మీద అవి అద్భుతంగా పనిచేశాయి. రైతులు వాటినే పదేపదే కొట్టారు. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్నిసార్లు కొట్టినా పురుగు చావలేదు. పంట పోయింది, అప్పులు మిగిలాయి, ఆత్మహత్యలు జరిగాయి. ఆంధ్ర చేల నుంచి సేకరించిన పురుగుల మీద జరిపిన పరీక్షలు పైరిత్రాయిడ్లకు నిరోధకతను నిర్ధారించాయి.

ఆ పరీక్ష ఎలా చేస్తారో తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే మందు పనిచేయని ప్రతిసారీ కారణం నిరోధకతే కానక్కర్లేదు. పాత మామిడి చెట్టు పైకొమ్మలకు మందు అందకపోవచ్చు, అది కల్తీ మందు కావచ్చు, పక్క తోటలోంచి పురుగు మళ్లీ వచ్చి వాలి ఉండవచ్చు. అందుకని చేలో పురుగుల్ని పట్టి తెచ్చి, ప్రయోగశాలలో గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు ఒక్కో మోతాదు ఇస్తారు. సగం పురుగులు చావడానికి ఎంత మోతాదు కావాలో చూస్తారు. మందు ఎరగకుండా తరాల తరబడి ప్రయోగశాలలో పెరిగిన పురుగులకు అదే పరీక్ష చేస్తారు. మొదటి అంకె రెండోదానికి ఎన్నో రెట్లుంటే అప్పుడు నిరోధకత అనాలి.

అపోహ: మందు వల్లే, అవసరం వల్లే ఆ మార్పు పుట్టింది

పై కథ విన్నాక తెలివైన విద్యార్థి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ మొదటి పది పురుగులకు ఆ శక్తి ఎక్కడిది? మందు తగిలాకే వచ్చిందేమో?

దీనికి జవాబు ఆస్ట్రేలియాలో, మ్యూజియం పెట్టెల్లో దొరికింది. అక్కడ గొర్రెల ఒంటి మీద గుడ్లు పెట్టి మాంసాన్ని తొలిచేసే లుసీలియా కుప్రినా అనే ఈగ ఒకటుంది. దాని మీద డయజినాన్, మలాథియాన్ మందులు వాడారు, రెండింటికీ నిరోధకత వచ్చింది. ఆ మందులు రాకముందే పట్టి, సూదికి గుచ్చి భద్రపరిచిన ఎండు ఈగల నుంచి డీఎన్ఏ తీసి పరీక్షించిన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. మలాథియాన్‌ను తట్టుకునే జన్యు మార్పు ఆ పాత ఈగల్లోనే ఉంది. ఆ మందు పేరైనా వినని కాలంలో, ఏ అవసరమూ లేకుండానే ఉంది. డయజినాన్‌కు సంబంధించిన మార్పు మాత్రం వాటిలో దొరకలేదు. అంటే అది అప్పటికి చాలా అరుదుగానైనా ఉండాలి, లేదా తర్వాత పుట్టి ఉండాలి.

రెండో ఫలితం మొదటిదానికి ఎదురుసాక్ష్యం అనుకోకూడదు. ఉత్పరివర్తనాలు మందుకు ముందూ పుడతాయి, తర్వాతా పుడతాయి. అవి ప్రాణి అవసరాన్ని చూసి పుట్టవు, అసలు విషయం అదే. మన శనగపచ్చ పురుగునే చూడండి. ఫెన్‌వలరేట్‌ను విరిచేసే ఒక ఎంజైము జన్యువును 2012లో గుర్తించారు. పక్కపక్కనే ఉన్న రెండు జన్యువులు వినిమయంలో సమంగా తెగక, ఒకదాని ముక్క ఇంకోదానికి అతుక్కుని ఆ కొత్త జన్యువు తయారైంది. వినిమయంలో జరిగిన చిన్న తేడా అది. అలాంటి తేడాలు ఎన్నో జరుగుతాయి. ఎక్కువ వాటితో పనిలేదు, కొన్ని హాని చేస్తాయి. ఇదొక్కటి ఫెన్‌వలరేట్ కొట్టిన చేలో పనికొచ్చింది. మందు చేసింది జల్లెడ పని. జల్లెడ గింజల్ని పుట్టించదు.

"తట్టుకోవడం కోసం పురుగు తన జన్యువుల్ని మార్చుకుంది" అన్న వాక్యంలో "కోసం" అన్న మాట కొట్టేస్తే సగం తప్పు పోతుంది. "మార్చుకుంది" కూడా కొట్టేస్తే మొత్తం పోతుంది.

అపోహ: బలమైనవే బతుకుతాయి

యోగ్యతముల సార్థకజీవనం అన్న పదబంధం డార్విన్ కల్పించింది కాదు. హెర్బర్ట్ స్పెన్సర్ 1864లో వాడాడు, డార్విన్ తన పుస్తకం అయిదో కూర్పులో, 1869లో, దాన్ని తీసుకున్నాడు. అప్పటి నుంచి యోగ్యత అంటే కండబలమన్న పొరపాటు వదలడం లేదు. యోగ్యత అంటే ఆ చోట, ఆ కాలంలో మిగతావాటికంటే ఎక్కువ సంతానాన్ని మిగల్చడం.

మళ్లీ ఆ ఆస్ట్రేలియా ఈగనే తీసుకుందాం. డయజినాన్‌ను తట్టుకున్న తొలి ఈగలు చూడబోతే అవకరమైనవి. వాటి ఒంటి మీది నూగు ఎడమ పక్క, కుడి పక్క సమంగా ఉండేది కాదు. మందు లేని చోట మామూలు ఈగలతో పోటీలో అవి వెనకబడేవి. మందు ఉన్నచోట మాత్రం అవే గెలిచాయి. కొన్నేళ్లకు ఇంకో జన్యువులోని మార్పు ఆ అవకరాన్ని సరిచేసింది. ఆ తర్వాత మందు ఆపినా నిరోధకత తగ్గడం మానేసింది. అందుకే "మందు కొన్నాళ్లు ఆపితే మళ్లీ మామూలైపోతుంది" అన్న భరోసా కొన్నిసార్లు నిజమవుతుంది, కొన్నిసార్లు కాదు.

అపోహ: తేడా కనిపిస్తే చాలు, వరణం జరుగుతుంది

దీనికి తోట దాటి వెళ్లక్కర్లేదు. ఒకే తోటలో రెండు బంగినపల్లి చెట్లు. ఒకటి విరగకాస్తుంది, ఇంకోటి అరకొరగా కాస్తుంది. రెండూ అంటు మొక్కలే, రెండింటి కొమ్మలూ ఒకే తల్లిచెట్టు నుంచి వచ్చినవి, కాబట్టి అరుదైన మొగ్గ మార్పుల్ని పక్కనబెడితే జన్యుపరంగా రెండూ ఒకటే. తేడా నేలది, నీటిది, కింద ఉన్న వేరుమొక్కది. బాగా కాసే చెట్టు పుల్ల తెచ్చి అంటు కట్టినా ఆ నేల వెంట రాదు. సంతానానికి అందని తేడాల మీద వరణం పనిచేయదు.

అదే టెంక నాటితే వేరే సంగతి. మన మామిడి రకాల్లో ఎక్కువ వాటికి టెంక నుంచి వచ్చే మొక్క తల్లిని పోలదు, ఎందుకంటే పుప్పొడి వేరే చెట్టుది. ఒక్కో టెంకా ఒక్కో కొత్త కలయిక. అలా దానంతటది మొలిచిన చెట్ల కాయ నచ్చి, ఎవరో అంటు కట్టి నిలబెట్టినవే మన పాత రకాల్లో చాలా. అది మనిషి చేసిన వరణం. అంటు కట్టిన క్షణం నుంచి చెట్టు అక్కడే ఆగిపోతుంది. పురుగు మాత్రం ఆగదు. పూత కాలంలో కొన్ని వారాలకో తరం పుడుతుంది, మిగతా ఏడాది పెద్ద పురుగులు బెరడు పగుళ్లలో దాక్కుంటాయి, మళ్లీ పూతకు ఎగబాకుతాయి.

ఇక కొట్లో "ఇంకోటేదైనా ఇవ్వండి" అన్న మాట సంగతి. ఇమిడాక్లోప్రిడ్ పనిచేయలేదని థయామెథాక్సామ్ పట్టుకెళ్తే డబ్బా మారింది, పేరు మారింది. కానీ రెండూ నియోనికోటినాయిడ్లే, పురుగు నాడుల్లో రెండూ పట్టుకునేది ఒకే గ్రాహకాన్ని. మొదటిదాన్ని తట్టుకున్న పురుగుల్లో చాలావాటికి రెండోది కూడా పాత మందే. మందు మార్చడమంటే అది పురుగును చంపే తీరు మారాలి. కొట్లో అడగాల్సింది కంపెనీ పేరు కాదు, ఆ మందు ఏ వర్గానికి చెందిందన్నది.